పది గంటలకని చెప్పిన మాట

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాలకు వెళ్లే వారి సంఖ్య తక్కువేమీ కాదు. వారిలో మన ముస్లిం సోదరులూ ఉన్నారు. అలా వెళ్లిన తండ్రికి కూతురి స్కూల్లో జరిగే వార్షికోత్సవం పూర్వం ఒక వార్త మాత్రమే. ఉత్తరంలోనో, ఊరికి వచ్చి తిరిగి వెళ్లేవారి చేత పంపిన క్యాసెట్‌లోనో ఆ సంగతి నెలకో, రెండు నెలలకో ఆయనకు చేరేది. ఆలస్యమయ్యేది నిజమే గాని, దాని కోసం ఎవరూ నిద్ర మానుకోవలసిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు స్కూలు వారే ఆ కార్యక్రమాన్ని ఫోను ద్వారా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. ఇది మంచి సదుపాయమే. దీని వల్ల ఏర్పడిన కొత్త బాధ్యత ఎవరిదో మాత్రం మనం ఇంతవరకూ ఆలోచించలేదు. ఆహ్వాన పత్రంలో 'ఉదయం పది గంటలకు' అని అచ్చు వేస్తే, హాల్లో కూర్చున్నవారికి ఆ మాట కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా ఫోను చూస్తూ కూర్చునే మనిషికి నడవదు.

ఈ సంగతిని ఒక ఇంటి లెక్కతోనే చూద్దాం. పేర్లు అనవసరం. భోగాపురం చుట్టుపక్కల ఇటువంటి ఇల్లు ఒక్కటే ఉందనుకోవడం పొరపాటు.

తండ్రి కువైట్‌లో పైపులు బిగించే పనిలో ఉన్నాడు. డ్యూటీ సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు. బస్సు ఎక్కి క్యాంపుకు చేరేసరికి ఏడుంబావు అవుతుంది. స్నానం, భోజనం ముగించి మామూలుగా ఎనిమిదిన్నరకు పడుకుంటాడు. మధ్యాహ్నం మూడున్నరకు లేస్తాడు. పావుతక్కువ ఐదుకు మళ్లీ బస్సు. అంటే ఆయన నిద్రకు దొరికేది ఏడు గంటలు. కూతురు ఐదో తరగతి. శనివారం నాటి స్కూలు వార్షికోత్సవంలో ఒక నాటికలో డాక్టరమ్మ వేషం. వేదిక మీద ఉండేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం నెల రోజులుగా ఇంట్లో మాటలు వల్లె వేస్తోంది. అబ్బా చూస్తారని ఆమెకు అమ్మీ చెప్పింది.

కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. భోగాపురంలో పది అంటే అక్కడ ఏడున్నర. తండ్రి లెక్క వేసుకుని సంతోషించాడు. క్యాంపుకు చేరిన పావుగంటకే కార్యక్రమం మొదలవుతుంది. ఓ గంట చూసి పడుకోవచ్చు అనుకున్నాడు.

ఏడున్నరకు లింకు తెరిచాడు. తెర మీద Waiting for అనీ, దాని పక్కన స్కూలు పేరూ ఉన్నాయి. ఎనిమిదింబావుకు చూశాడు, అదే మాట. తొమ్మిదికి చూశాడు, అదే మాట. భార్యకు ఫోను చేస్తే మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. ఆమె వేదిక వెనుక పిల్లకు తెల్లకోటు తొడుగుతోంది, ఫోను సంచీలో ఉంది. చివరకు కువైట్‌లో తొమ్మిదీ పదికి, అంటే మన పదకొండూ నలభైకి, బొమ్మ వచ్చింది. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. ఆ తరువాత ఉపన్యాసాలు, నివేదిక, బహుమతులు. పదీ ఇరవైకి బొమ్మ ఆగిపోయింది. లోపం తన ఫోనుదే అనుకుని ఆపి, మళ్లీ వేశాడు. గది విడిచి వరండాలోకి వెళ్లాడు. పక్క మంచం మనిషి ఫోను అడిగి చూశాడు. ఎక్కడా రాలేదు. పదకొండున్నరకు భార్య నుంచి ఫోను వచ్చింది. కూతురు అందుకుని, "అబ్బా, చూశావా?" అని అడిగింది. "లేదు తల్లీ, నీ వంతు రాకముందే ఆగిపోయింది" అన్నాడాయన. "అయితే మళ్లీ ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది ఆ పిల్ల, టీవీలో కార్యక్రమం మళ్లీ వేసినట్టు.

జరిగింది ఏమిటంటే, పదీ ఇరవైకి స్కూలు వారి ఫోనుకు నెట్ పోయింది. పావుగంటలో వారు మళ్లీ మొదలుపెట్టారు. అలా కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొత్త లింకు వచ్చింది. దానిని తరగతి వాట్సాప్ గ్రూపులో వెంటనే పెట్టారు. ఆ గ్రూపులో ఉన్నది తల్లి నంబరు మాత్రమే. నాటిక పదకొండూ ఐదుకు నడిచింది. ఆ సమయంలో తండ్రి పాత లింకును పట్టుకుని కూర్చున్నాడు. జొహర్ నమాజు చేసుకుని పడుకునేసరికి పన్నెండుంబావు అయింది. మూడున్నరకు లేవాలి. ఏడు గంటల నిద్రలో మూడుంబావు గంటలే మిగిలింది. ఆ రాత్రి ఆయన పని చేయవలసింది నేల మీద కాదు, సారవ మీద. నాటిక మాత్రం పోలేదు. రెండో లింకులో రికార్డు భద్రంగానే ఉంది. భార్య పంపగా నాలుగు గంటలకు, బస్సుకు ముందు, ఆయన హాయిగా చూశాడు.

ఇందులో ఆలోచించవలసిన విషయం ఇదే. చూడవలసిన నాలుగు నిమిషాలూ చివరకు ఆయనకు దక్కాయి. నిద్రే పోయింది. ఆ నిద్ర పోవలసిన అవసరం ఒక్క నిమిషం కూడా లేదు. 'ఇంకా మొదలు కాలేదు, పడుకోండి, పిల్ల వంతు వచ్చే ముందు లేపుతాం' అనే ఒక్క కబురు తొమ్మిది లోపు వచ్చి ఉంటే సరిపోయేది. మొదలైందో లేదో మాటిమాటికీ చూసుకునే పనిని మనం నాలుగు వేల కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న దూరంలో, రాత్రంతా పని చేసి వచ్చిన మనిషి మీద పెట్టాం. హాల్లో కూర్చుని అంతా కళ్లతో చూస్తున్నవారు వందల మంది ఉన్నారు. ఆ బాధ్యత వారిది కావాలి, ఆయనది కాదు.

గంటల లెక్క మన ఇళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో అచ్చయిన రమజాన్ పట్టికను విజయనగరం జిల్లాలో ఎవరూ ఉన్నదున్నట్టు పాటించరు. మనకు సూర్యుడు సుమారు ఇరవై నిమిషాలు ముందుగా ఉదయిస్తాడు, ముందుగా అస్తమిస్తాడు. అందుకని ఆ మేరకు తీసివేసి సహరీకి లేస్తాం, ఇఫ్తార్ చేస్తాం. వేళ అనేది చోటును బట్టి మారుతుందని మన ఇంటి పెద్దవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి. కువైట్, సౌదీ అరేబియా, ఖతర్, బహ్రెయిన్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. దుబాయ్‌తో కూడిన యూఏఈ, ఒమన్ గంటన్నర వెనుక. సింగపూర్, మలేషియా రెండున్నర గంటలు ముందు. ఈ దేశాలు గడియారాన్ని ఎండాకాలానికీ చలికాలానికీ మార్చవు కనుక లెక్క ఏడాది పొడవునా ఒక్కటే. పొరపాటు జరిగేది ఆ అరగంట దగ్గర. 'రెండు గంటల తేడా' అని నోటి లెక్క వేసినవారు అరగంట తప్పుతారు. బ్రిటన్, అమెరికాలలో అయితే మార్చి నెలలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. మన స్కూళ్ల వార్షికోత్సవాలు జరిగే రోజులకు అది దగ్గరగా వస్తుంది కనుక అక్కడ ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

అయినా అసలు చిక్కు గడియారాల తేడాలో లేదు. స్కూలు వారు ప్రసారాన్ని ముందుగానే వేళ నిర్ణయించి పెడితే, ఆ పేజీ తెరిచిన వ్యక్తికి అతను ఉన్న దేశపు టైములోనే అది కనిపిస్తుంది. అక్కడే Notify me అనే మీట ఉంటుంది. దానిని నొక్కితే మొదలైనప్పుడు ఫోనుకు కబురు వస్తుంది. చిక్కంతా చెప్పిన వేళకూ, మొదలైన వేళకూ, మన పిల్ల వంతు వచ్చిన వేళకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. పై లెక్కలో మొదటి రెంటి మధ్య గంటా నలభై నిమిషాలు. రెండో దానికీ మూడో దానికీ మధ్య దాదాపు రెండు గంటలు. Notify me మొదటి దూరాన్ని కొంత తీరుస్తుంది. రెండో దూరాన్ని ఏ యంత్రమూ తీర్చలేదు. డాక్టరమ్మ వేషం ఎన్నో అంశమో, ఇప్పుడు ఎన్నో అంశం నడుస్తోందో హాల్లో ఉన్న మనిషికే తెలుసు.

ఇక ప్రసారం మధ్యలో ఆగిపోవడం గురించి. ముందురోజు స్కూలు వారు పరీక్షించి చూసినప్పుడు అంతా బాగానే నడుస్తుంది. మర్నాడు ఆగిపోతుంది. ఇందులో వింత లేదు. పరీక్షించినప్పుడు హాలు ఖాళీ. కార్యక్రమం నాడు మూడు నాలుగు వందల మంది తలిదండ్రులు, ప్రతి ఒక్కరి చేతిలో ఫోను. అందరూ ఫొటోలు, వీడియోలు పంపుతూ ఉంటారు. ఆ ఫోన్లూ, ప్రసారం చేస్తున్న ఫోనూ ఒకే సెల్ టవర్ మీద ఆధారపడతాయి. హాలు నిండేకొద్దీ బొమ్మ పంపే దారి ఇరుకవుతుంది. అందుకే సాధారణంగా పిల్లల అంశాలు మొదలై అందరూ ఫోన్లు పైకెత్తిన సమయానికే ప్రసారం తెగుతుంది. స్కూలు ఆఫీసులో కేబుల్ మీద వచ్చే ఇంటర్నెట్ ఉంటే ప్రసారాన్ని దానికి తగిలించడమే సరైన మార్గం. ఫోనుతోనే చేయవలసి వస్తే బొమ్మ నాణ్యతను 720కి తగ్గించాలి. దానికి సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు పైకి పంపగలిగితే చాలు. ఆ ఫోనుకు ఛార్జరు తగిలించి ఉంచాలి. దానికి కాల్స్ రాకుండా చూడాలి. ఒక్క కాల్ వచ్చినా ప్రసారం ఆగిపోవచ్చు.

మరో సంగతి కూడా స్కూలు వారు ముందే తెలుసుకోవాలి. ఫోను నుంచి యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయాలంటే ఆ ఛానెల్‌కు కనీసం యాభై మంది చందాదారులు ఉండాలి. మొదటిసారి అనుమతి రావడానికి ఇరవై నాలుగు గంటల దాకా పట్టవచ్చు. ఇది తెలియక, కార్యక్రమం నాటి ఉదయమే ఛానెల్ తెరిచిన చోట దూరదేశంలో ఉన్న తండ్రులకు ఏమీ కనిపించదు. సినిమా పాటల వల్ల వచ్చే చిక్కు వేరు. హక్కులున్న పాట హాల్లో మోగితే యూట్యూబ్ యంత్రం దానిని గుర్తుపట్టి, ప్రసారం బదులు ఒక బొమ్మ పెట్టవచ్చు. తరువాత రికార్డును కొన్ని దేశాల్లో కనబడకుండా కూడా చేయవచ్చు. మాటలతో నడిచే నాటికకు ఈ ప్రమాదం లేదు గాని, దాని ముందు నడిచిన పాట వల్ల ప్రసారానికి అంతరాయం కలిగితే నాటికా పోతుంది.

విదేశంలో ఉన్న సోదరులు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. బొమ్మ ఆగినప్పుడు లోపం మనదో, వారిదో తెలుసుకోవడానికి అరనిమిషం చాలు. అదే ఫోనులో ఇంకేదైనా వీడియో వేసి చూడండి. అది నడిస్తే మీ నెట్ బాగున్నట్టే. అప్పుడు పాత లింకు దగ్గరే కూర్చోకుండా, స్కూలు ఛానెల్ మొదటి పేజీకి వెళ్లి చూడండి. కొత్త ప్రసారం ఉంటే అక్కడ LIVE అనే గుర్తుతో కనిపించవచ్చు. ఆలస్యంగా తెరిచినా కంగారు పడవద్దు. సాధారణంగా ప్రసారం నడుస్తుండగానే కింది గీతను వెనక్కి లాగి జరిగిపోయింది చూడవచ్చు. అది ముగిశాక, పన్నెండు గంటల లోపు కార్యక్రమమైతే దాని రికార్డు ఛానెల్‌లోనే నిలుస్తుంది. ఫేస్‌బుక్‌లో ప్రసారం చేస్తే మాత్రం 2025 ఫిబ్రవరి నుంచి కొత్త ప్రత్యక్ష వీడియోలు ముప్పై రోజులే ఉంటున్నాయి. ఆ లోపు దించుకుని దాచుకోవాలి.

'రికార్డు ఉన్నప్పుడు ప్రత్యక్షంగా చూడాలన్న పట్టు ఎందుకు? నిద్ర లేచి చూస్తే పోదా?' అని కొందరు అనవచ్చు. పెద్దవాళ్ల లెక్కలో అది సబబే. మూడు గంటల ఉపన్యాసాలకూ, బహుమతులకూ రికార్డే మేలు, అందులో సందేహం లేదు. పిల్ల లెక్క వేరు. తాను వేదిక మీద నిలబడిన ఆ నిమిషంలో అబ్బా తనను చూస్తున్నాడన్నది ఆమెకు రికార్డు ఇవ్వలేదు. రెండేళ్లకోసారి సెలవు దొరికే ఉద్యోగాల్లో తండ్రికి కూతురి చదువులో భాగం పంచుకునే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2023 మేలో భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. విమానం మన ఊరి దాకా వస్తే ప్రయాణం దగ్గరవుతుంది. సెలవు మాత్రం దగ్గరకు రాదు. కాబట్టి ఆ నాలుగు నిమిషాలను ప్రత్యక్షంగా చూపించాలి. మిగతా మూడు గంటల కోసం ఆయనను మేల్కొలిపి ఉంచకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమే.

అందుకు కావలసింది ఒక్క మనిషి. అది పిల్లకు వేషం వేసే తల్లి కాకూడదు. ఆ గంటలో ఆమె చేతులు ఖాళీగా ఉండవు. మామూ గానీ, నానా గానీ, ఇంటర్ చదివే అన్న గానీ హాల్లో కూర్చుని తండ్రికి మూడు కబుర్లు పంపాలి. ఒకటి, చెప్పిన వేళకు మొదలు కాకపోతే 'ఇంకా కాలేదు, పడుకోండి' అని. రెండు, పిల్ల వంతుకు మూడు నాలుగు అంశాల ముందు, అంటే దాదాపు ఇరవై నిమిషాల ముందు, లేపే ఫోను. మూడు, లింకు మారితే ఆ క్షణమే కొత్త లింకు. యూఏఈ వంటి చోట్ల వాట్సాప్ కాల్స్‌కు చాలాకాలంగా ఆటంకాలున్నాయి. కనుక లేపే ఫోను మామూలు కాల్ చేయడం మంచిది. రెండు మోతలు మోగించి పెట్టేసినా చాలు, ఎత్తనక్కర్లేదు. ప్రసారం హాలు కన్నా కొన్ని సెకన్ల నుంచి అరనిమిషం దాకా వెనుకగా నడుస్తుంది. కాబట్టి ఇక్కడ తెర లేచిన తరువాత కబురు పంపినా ఆయనకు మొదటి మాట దక్కే అవకాశం ఉంది.

స్కూలు యాజమాన్యాలను అడగవలసినవీ ఎక్కువేమీ లేవు. తరగతి గ్రూపులో తల్లి నంబరుతోపాటు విదేశంలో ఉన్న తండ్రి నంబరునూ చేర్చాలి. అంశాల జాబితాను ముందురోజే వరుస సంఖ్యలతో గ్రూపులో పెట్టాలి. అతిథి ఆలస్యమైతే ఆ సంగతి ఒక్క వాక్యంలో రాయాలి. అతిథి కోసం హాలు ఆగడం మన దేశంలో వింత కాదు, దానిని ఒక్క రోజులో మార్చలేం. చెప్పకుండా ఆగడం మాత్రం మార్చవచ్చు.

ఆడపిల్లల బొమ్మలు లోకమంతా చూసేలా పెట్టడమేమిటని మన ఇళ్లల్లో కొందరికి అభ్యంతరం ఉంది. అది తోసివేయదగిన మాట కాదు. ప్రసారం పెట్టేటప్పుడు Unlisted అన్నది ఎంచుకుంటే అది వెతుకులాటలో దొరకదు, ఛానెల్ పేజీలోనూ కనిపించదు, లింకు ఉన్నవారే చూస్తారు. అయితే ఆ లింకు ఎవరి చేతికి వెళ్లినా వారూ చూడగలరు. కనుక దానిని తలిదండ్రుల గ్రూపు దాటి పంపరాదు. ఇందులో ఒక మెలిక ఉంది. Unlisted పెడితే తెగిపోయాక కొత్త ప్రసారం ఛానెల్ పేజీలో కనిపించదు. అప్పుడు కొత్త లింకు పంపే మనిషి అవసరం రెట్టింపు అవుతుంది. పిల్లల మర్యాదను కాపాడాలంటే ఆ చిన్న శ్రమ తప్పదు.

ఇచ్చిన మాటకు కట్టుబడమని మన పిల్లలకు చెబుతాం. 'పది గంటలకు' అన్నదీ ఒక మాటే. దానిని నిలుపుకోలేనప్పుడు, నిలుపుకోలేకపోతున్నామని ఎదురుచూసే మనిషికి చెప్పడం కనీస ధర్మం. మూడుంబావు గంటల నిద్రతో సారవ ఎక్కే తండ్రి కాలు జారితే, ఆ నష్టం భరించేది అతిథీ కాదు, యాజమాన్యమూ కాదు. ఈసారి స్కూలు నుంచి ఆహ్వానం వచ్చినప్పుడు, పిల్లకు కొత్త బట్టలు ఎప్పుడు కొందామన్న మాట కన్నా ముందు, హాల్లో కూర్చుని అబ్బాకు కబురు పంపేది ఎవరో ఇంట్లో తేల్చుకోండి.